ఫ్రెండ్స్ సిగరెట్ ఇస్తే వద్దనడం ఎలా: ఆ నాలుగైదు సెకన్లలో ఏం అనాలి, ఏం చేయాలి

సిగరెట్ వద్దనడం గురించి పెద్దవాళ్లు చెప్పే కథల్లో ఎప్పుడూ ఒక చెడ్డ కుర్రాడు ఉంటాడు. వాడు బలవంతం చేస్తాడు, నువ్వు ధైర్యంగా ఎదిరిస్తావు, కథ అయిపోతుంది. నిజంగా జరిగేది అలా ఉండదని నీకూ తెలుసు. ఇచ్చేవాడు చాలాసార్లు నీకు బాగా ఇష్టమైనవాడే అయి ఉంటాడు. నలుగురూ ఏదో మాట్లాడుకుంటూ నవ్వుకుంటుంటారు, ఒకడు వెలిగిస్తాడు, ఒక దమ్ము లాగి పక్కవాడికి ఇస్తాడు, అది చేతులు మారుతూ నీ దగ్గరికొస్తుంది. ఎవరూ బెదిరించరు, కనీసం "తాగరా" అని కూడా అనకపోవచ్చు. చెయ్యి చాపి నీ ముందు పెడతారు, అంతే. నాలుగైదు సెకన్లలో నువ్వేదో ఒకటి చేసేయాలి, ఆ టైంలో నీకు ఊపిరితిత్తుల గురించి చదివిన పాఠాలేవీ గుర్తురావు, అందరూ నిన్నే చూస్తున్నారన్న సంగతి ఒక్కటే గుర్తుంటుంది.

అందుకే సిగరెట్ ఎందుకు చెడ్డదో ఇక్కడ చెప్పడం లేదు, అది నీకు ఎప్పుడో తెలుసు. ఆ కొన్ని సెకన్లలో నోరు, చేతులు, కాళ్లు ఏం చేయాలో మాత్రమే చెప్తాను.

ముందే మాట సిద్ధం చేసుకో, ఒక్క వాక్యం చాలు

ముందుగా ఎందుకంటే, ఫ్రెండ్స్ పక్కనున్నప్పుడు టీనేజ్ బుర్ర వేరేగా పనిచేస్తుంది. 2005లో వచ్చిన ఒక పరిశోధనలో కొందరితో కారు నడిపే వీడియో గేమ్ ఆడించారు. పసుపు లైటు పడ్డాక ఆగాలా, ఇంకాస్త ముందుకెళ్లాలా అన్నది ఆడేవాళ్ల ఇష్టం. ఒంటరిగా ఆడినప్పటి కంటే తోటివాళ్లు చూస్తుండగా ఆడినప్పుడు 13 నుంచి 16 ఏళ్ల పిల్లలు చాలా ఎక్కువ రిస్క్ తీసుకున్నారు. పెద్దవాళ్లలో మాత్రం ఎవరైనా చూస్తున్నా చూడకపోయినా పెద్ద తేడా రాలేదు. అంటే అక్కడికెళ్లాక ఆలోచించి నిర్ణయం తీసుకుంటాను అనుకుంటే, నీ బుర్ర సరిగ్గా పనిచేయని చోటికి నిర్ణయాన్ని వాయిదా వేస్తున్నావన్నమాట. ఇంట్లో ఒక్కడివే ఉన్నప్పుడే ఆ పని అయిపోవాలి.

ఎలాగంటే, "ఎవరైనా సిగరెట్ చాపితే, నేను 'వద్దురా, నేను తాగను' అంటాను" అని ఒక కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకో. ఇది జరిగితే నేను ఇది చేస్తాను, అన్న రూపంలోనే ఉండాలి. "నేను ఎప్పటికీ సిగరెట్ తాగను" అని ఒట్టు పెట్టుకోవడం వేరు, ఇది వేరు. ఒట్టులో ఆ క్షణంలో ఏం చేయాలో ఉండదు. బ్రిటన్‌లో 11, 12 ఏళ్ల స్కూలు పిల్లలతో సరిగ్గా ఇలాంటి ప్లానే రాయించి, కొన్ని నెలలకోసారి మళ్లీ మళ్లీ రాయించి చూశారు. 2010లో వచ్చిన ఆ అధ్యయనంలో ఈ ప్లాన్ రాసుకున్నవాళ్లలో తర్వాత పొగ తాగడం మొదలుపెట్టినవాళ్లు తక్కువగా కనిపించారు.

రాసుకున్నాక ఆ వాక్యాన్ని పైకి అను. మనసులో కాదు, గొంతుతో. సిగ్గుగా అనిపిస్తుంది, తలుపేసుకుని అను. మనసులో బాగానే ఉన్న మాట పైకి అనేసరికి గొంతులో ఇరుక్కోవడం, లేదా బతిమాలుతున్నట్టు రావడం నేను చాలామంది పిల్లల దగ్గర చూశాను. "నీళ్లు వద్దురా, ఇప్పుడే తాగా" అని నువ్వు ఎంత మామూలుగా అంటావో, సిగరెట్ వద్దన్న మాట కూడా అదే గొంతుతో వచ్చేదాకా అను. ఇద్దరుంటే ఇంకా మంచిది: అన్నో అక్కో, లేదా నువ్వు నమ్మే ఫ్రెండో, ఒక పెన్ను నీ ముందు చాపి "ఒక్క దమ్మురా" అంటూ విసిగించాలి, నువ్వు వద్దంటుండాలి. నాలుగు రౌండ్లు అయ్యేసరికి నీ మాట నీకే తేలిగ్గా వస్తుంది.

మాట ఎంచుకునేటప్పుడు ఒక్కటి చూసుకో. "నేను తాగకూడదు", "నన్ను తాగనివ్వరు" అంటే ఎవరో నిన్ను ఆపుతున్నట్టు. ఎవరో ఆపుతున్నారంటే, వాళ్లు లేనప్పుడు తాగొచ్చు కదా అనే వాదనకి తలుపు తీసినట్టే. "నేను తాగను" అంటే అది నీ సంగతి, అందులో ఎదుటివాడు పట్టుకుని లాగడానికి ఏమీ లేదు. నోరూరించే తిండి వద్దనుకునేవాళ్ల మీద జరిగిన ఒక పరిశోధనలో కూడా, తమకు తాము "తినకూడదు" అని చెప్పుకున్నవాళ్ల కంటే "తినను" అని చెప్పుకున్నవాళ్లే ఎక్కువగా నిలబడ్డారు.

నీ నోటికి ఏది సరిపోతుందో నువ్వే చూసుకో. కొన్ని ఇస్తున్నాను:

"వద్దురా."
"నేను తాగను రా, నువ్వు కానియ్."
"నాకొద్దు మామా, పక్కవాడికియ్యి."
"ఊహూఁ, నాకు ఇంట్రెస్ట్ లేదే."
"నాకు పడదురా అది. వదిలేయ్."

నువ్వు మామూలుగా ఫ్రెండ్స్‌తో రా అంటావో, ఏ అంటావో, బ్రో అంటావో అదే ఉంచు. ఎప్పుడూ "రా" అనేవాడు ఒక్కసారిగా "లేదండి, నేను పొగ తాగను" అన్నట్టు మాట్లాడితే ఏదో పాఠం ఒప్పజెప్పినట్టుంటుంది, అక్కడే నవ్వు మొదలవుతుంది.

చేతులు ఖాళీగా ఉంచకు, ఒకసారి కూడా పట్టుకోకు

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా లెక్కలో నోటి మాటతో సమానం. ఎవరైనా ఏదైనా చాపితే చెయ్యి దానంతటదే వెళ్లి తీసుకుంటుంది, అది మనందరికీ ఉన్న అలవాటు. సిగరెట్ ఒకసారి నీ వేళ్ల మధ్యకి వచ్చాక వద్దనడం రెండింతలు కష్టం, ఎందుకంటే ఇప్పుడు నువ్వు తీసుకున్నదాన్ని వెనక్కి ఇవ్వాలి, అందరూ చూస్తుంటారు. కాబట్టి సిగరెట్ పెట్టె బయటికి వచ్చిన క్షణమే ఒక చేతిలో నీళ్ల సీసానో బ్యాగు పట్టీనో బంతో పట్టుకో, రెండోది జేబులో పెట్టుకో. ఫోన్ పట్టుకున్నా పర్లేదు కానీ దాంట్లో తలదూర్చకు, అలా చేస్తే భయపడి తప్పించుకుంటున్నట్టు కనిపిస్తుంది.

"ఒక్క నిమిషం పట్టుకోరా, షూ లేస్ కట్టుకోవాలి" అని కూడా అంటారు. అది నిజంగా సాయం అడగడమే కావచ్చు, అయినా పట్టుకోకు, "కింద పెట్టు" అను. ఎందుకు ఇంత పట్టుదల అంటే, నీ చేతిలో వెలుగుతున్న సిగరెట్ ఉన్నప్పుడు ఎవడో ఫోటో తీస్తాడు, ఇంకొకడు "చేతిలో ఉంది కదా, ఒకటి లాగెయ్" అంటాడు. రెండూ జరిగేవే.

నిలబడే చోటు కూడా చూసుకో. గుండ్రంగా నిలబడి ఒకటే సిగరెట్ తిప్పుతున్నప్పుడు నువ్వు ఆ గుండ్రంలో ఉంటే నీ వంతు వస్తుంది. ఒక అడుగు వెనక్కి వేసి ఏ గోడకో ఆనుకున్నా, అక్కడున్న మెట్టు మీద కూర్చున్నా నీ వంతు రాదు, నువ్వు మాటల్లోనే ఉంటావు. గాలి ఎటు నుంచి వస్తుందో ఆ వైపు నిలబడితే పొగ నీ మీదికి రాదు, బట్టలకి వాసన కూడా తక్కువ పడుతుంది.

మొదటి "వద్దు": చిన్నగా చెప్పి, వెంటనే మాట మార్చు

సిగరెట్ నీ ముందుకొచ్చింది. ఇచ్చినవాడి ముఖం చూడు, సిగరెట్ వైపు కాదు. "వద్దురా" అని మామూలుగా తల అడ్డంగా ఊపు. ఆ తర్వాత వచ్చే రెండు సెకన్ల మౌనమే అసలు కష్టం. ఆ మౌనాన్ని నింపడానికే మనం కారణాలు చెప్పడం మొదలుపెడతాం, అక్కడే ఇరుక్కుంటాం. కారణం బదులు ఇంకో మాట పెట్టు, ముందు నడుస్తున్న సంగతే అయితే మంచిది: "వద్దురా. సరే, నిన్న మ్యాచ్‌లో వాడు అలా ఎందుకు ఆడాడు అసలు?" ఇచ్చినవాడికి కూడా ఇది కావాలి, తెలుసా. నువ్వు వద్దన్నాక వాడి చెయ్యి గాల్లో ఉంటుంది, వాడికీ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. నువ్వు మాట మారిస్తే వాడి పరువు కూడా నిలబడుతుంది, వాడు ఇంకోసారి అడగాల్సిన పనిలేదు. చాలాసార్లు కథ ఇక్కడితోనే అయిపోతుంది, నువ్వు ముందు రోజు రాత్రి ఊహించుకున్న గొడవ జరగనే జరగదు.

కారణాలు ఎందుకు వద్దంటే, నువ్వు ఏ కారణం చెప్పినా దానికి ఒక జవాబు ఉంటుంది. "మా నాన్నకి తెలిస్తే చంపేస్తాడు" అంటే "తెలీదులేరా, బబుల్ గమ్ ఉంది, నేనిస్తా" అంటారు. "దగ్గొస్తుంది" అంటే "మొదట్లో అందరికీ వస్తుంది" అంటారు. "ఆరోగ్యానికి మంచిది కాదు" అంటే "ఒక్కదానికి ఏమవుతుంది?" అంటారు, పైగా ఈ మాట అక్కడ తాగుతున్నవాళ్లందరినీ తప్పు పట్టినట్టు వినిపిస్తుంది. ఇది గట్టిగా చెప్తున్నాను: ఆ టైంలో వాళ్లకి క్లాసు పీకకు. నువ్వు వద్దంటే వాళ్లకి పెద్దగా పట్టదు, నువ్వు వాళ్లని తీసిపారేశావు అనిపిస్తే మాత్రం నిన్ను లాగేదాకా వదలరు. నీ ఫ్రెండ్ చేత మాన్పించాలని నీకుంటే అది వేరే రోజు, ఇద్దరే ఉన్నప్పుడు మాట్లాడే విషయం.

ఇంకో మాట కూడా వాడకు: "తర్వాత చూద్దాంలే", "ఇవాళ వద్దు". ఇవి వద్దనడం కాదు, తేదీ ఇవ్వడం. వచ్చే వారం వాడు గుర్తుపెట్టుకుని మరీ అడుగుతాడు.

రెండోసారి అడిగితే

కొందరు వదలరు. రెండోసారి వచ్చే మాటలు చాలావరకు ముందే ఊహించగలిగేవే, కాబట్టి వాటికి కూడా సిద్ధంగా ఉండొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ వినిపించేది "ఒక్క దమ్మేరా, ఏమవుతుంది". దీనికి నువ్వు పైకి అనాల్సింది "ఒక్కటి కూడా వద్దురా" అని మాత్రమే. కానీ నీ కోసం ఒక సంగతి తెలుసుకో, వాళ్లతో వాదించడానికి కాదు. కొన్ని దేశాల్లో రెండు లక్షల మందికి పైగా జనం ఇచ్చిన సర్వే వివరాలు కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో అచ్చయింది. ఎప్పుడో ఒకసారి ఒక్క సిగరెట్ తాగి చూశామన్నవాళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది, కొంతకాలమైనా సరే, రోజూ తాగేవాళ్లయ్యారు. ఆ ఒక్కటే వాళ్లని మార్చేసిందని ఈ లెక్క నిరూపించదు, తాగే ఫ్రెండ్స్ మధ్య ఉండటం లాంటివి కూడా ఉంటాయి. అయినా ఒక్కటి తాగి అక్కడితో ఆగిపోవడం అనుకున్నంత మామూలు విషయం కాదని మాత్రం చెబుతుంది.

తర్వాతది వెక్కిరింత. "దమ్ముంటే లాగు", "చిన్నపిల్లాడు, వాళ్లమ్మ పాలు తాగిస్తుంది", "అమ్మాయిలా ఏంట్రా". దీనికి కోపం తెచ్చుకుంటే నీ బటన్ ఎక్కడుందో వాళ్లకి తెలిసిపోతుంది. ఒప్పేసుకోవడమే బాగా పనిచేస్తుంది: "అవున్రా, చిన్నపిల్లాడినే. పక్కవాడికియ్యి." ఒప్పుకున్నాక ఇంకేం అంటారు? నవ్వొస్తే నవ్వు, కానీ మరీ పగలబడి నవ్వకు. ఎక్కువ నవ్వితే నువ్వు కూడా ఇది ఆటే అనుకుంటున్నావని, ఇంకాస్త నొక్కితే లొంగుతావని వాళ్లకి అనిపిస్తుంది.

కష్టమైనది స్నేహం మాట. "నా కోసం రా, ఒక్కసారి." "మేమంతా తాగుతుంటే నువ్వొక్కడివే ఏంటి, మాతో లేవా?" ఇది గుచ్చుకుంటుంది, ఎందుకంటే నీకు వాళ్లు నిజంగా కావాలి. ఇక్కడ రెండు విషయాలనీ విడదీసి చెప్పు: "నీతోనే ఉన్నాగా. సిగరెట్ మాత్రం వద్దు." చెప్పి వెళ్లిపోకు, అక్కడే ఉండు, వాడి భుజం మీద చెయ్యి వెయ్యి, వాడు చెప్తున్నది విను. నువ్వు వాళ్లని వదలట్లేదని వాళ్లకి నీ ప్రవర్తనతో తెలియాలి.

ఈ మధ్య ఇంకోటి కూడా వింటున్నాను: "ఇది సిగరెట్ కాదురా, వేప్. ఉత్త ఫ్లేవరే." ఫ్లేవర్ వాసన వచ్చినంత మాత్రాన నికోటిన్ లేనట్టు కాదు. నికోటిన్ లేదని పైన రాసి ఉన్న వాటిని పరీక్షిస్తే కూడా నికోటిన్ దొరికిన సందర్భాలున్నాయి. నీ వాక్యం మార్చాల్సిన పనిలేదు, "అది కూడా వద్దురా" చాలు.

వాళ్లు ఎన్ని రకాలుగా అడిగినా నీ జవాబు మాత్రం దాదాపు అదే ఉండాలి. ప్రతిసారీ కొత్త జవాబు వెతికితే వాదన పెరుగుతుంది, అదే వాక్యం అదే గొంతుతో వస్తే అడిగేవాడికి విసుగొస్తుంది. గొంతు పెంచకు, తగ్గించకు.

ఒకసారి మొత్తం నడిపి చూద్దాం

ఆట అయిపోయింది, ఐదుగురు మైదానం వెనక కూర్చున్నారు, అందులో నువ్వొకడివి. ఒకడు పెట్టె తీశాడు. అందరికంటే పెద్దవాడు, అందరూ వాడి మాట వింటారు. నువ్వు నీళ్ల సీసా చేతిలోకి తీసుకుని, గుండ్రంలోంచి కొంచెం జరిగి బ్యాగు మీద కూర్చున్నావు. ఇద్దరు లాగారు, మూడోవాడు నీ ముందు చాపాడు.

"వద్దురా. ఆ చివరి ఓవర్ నువ్వే వేసుండాల్సింది అసలు."

వాడు నవ్వి చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. పెద్దవాడు ఊరుకోలేదు. "ఏరా, ఎప్పుడూ తాగలేదా? ఒక్కటి లాగు, ఏం కాదు."

"తాగను అన్నా. కానియ్యి నువ్వు."

"భయమా?"

"భయమే అనుకో." సీసా మూత తీసి నీళ్లు తాగావు. ఇది కావాలనే చేశావు, నోటికి పని దొరికింది, ఇంకా ఏదో చెప్పాలన్న తొందర ఆగింది.

"మేం భయపడ్డామా? ఇటురా."

"వద్దన్నా." అదే గొంతు. ఇప్పుడు పెద్దవాడి వైపు కాకుండా నాలుగోవాడి వైపు తిరిగి, "రేపు ఎన్నింటికి రా ఆట? నాకు పొద్దున్నే క్లాసుంది" అన్నావు. నాలుగోవాడు జవాబిచ్చాడు. మాట అటు మళ్లింది.

ఇందులో నువ్వు గెలిచినట్టు ఎవరూ చప్పట్లు కొట్టలేదు, పెద్దవాడు కాసేపు మూతి ముడుచుకున్నాడు కూడా. అది మామూలే. అడిగేవాడి వైపే చూస్తూ ఉంటే ఇద్దరి మధ్య పోటీ అవుతుంది, ఇంకొకరి వైపు తిరిగి మామూలు ప్రశ్న ఒకటి వేస్తే ఆ పోటీ అక్కడే ఆగుతుంది. ఎవరి వైపు తిరగాలన్నది కూడా ఆలోచించుకోవాలి: ఇప్పటిదాకా తాగనివాడు, లేదా అయిష్టంగా ఒకటి లాగినవాడు ఎవడో చూడు.

ఒక్కడైనా నీ వైపు ఉండేలా చూసుకో

1950లలో సాల్మన్ ఆష్ అనే మానసిక శాస్త్రవేత్త ఒక ప్రయోగం చేశాడు. కొన్ని గీతల్లో ఏది ఏ గీతతో సమానమో చెప్పాలి, కళ్లకి స్పష్టంగా కనిపించే సంగతే. గదిలో మిగతావాళ్లంతా ముందే మాట్లాడుకుని తప్పు జవాబు చెప్తారు. అలాంటప్పుడు దాదాపు మూడోవంతు జవాబుల్లో అసలు మనిషి కూడా గుంపుతో పాటు తప్పే చెప్పాడు. కానీ గుంపులో ఒకే ఒక్కడు సరైన జవాబు చెప్పేలా చేసేసరికి, గుంపు వైపు మొగ్గడం ఒక్కసారిగా చాలా తక్కువకి పడిపోయింది. మిగతా గుంపు అంతే ఉంది, తోడు ఒక్కడే దొరికాడు.

నీ గుంపులో కూడా సిగరెట్ ఇష్టంలేనివాడు ఇంకొకడు ఉండే అవకాశం చాలా ఎక్కువ, వాడు కూడా నీలాగే మిగతా అందరికీ ఇష్టమేనేమో అనుకుంటూ నోరు మూసుకుని ఉంటాడు. ముందే వాడితో విడిగా మాట్లాడు: "నాకు ఆ సిగరెట్ గోల ఇష్టం లేదురా, ఇస్తే వద్దంటా. నువ్వు?" వాడు కూడా అంతే అంటే, ఒకరు వద్దనగానే రెండోవాళ్లు "నాక్కూడా వద్దు" అనాలని మాట అనుకోండి. ఎవరు ముందు అన్నా ఫర్వాలేదు, రెండోది వెంటనే రావాలి. ఒకవేళ నిన్ను కాకుండా వాడిని నొక్కుతుంటే నువ్వు "వాడు వద్దన్నాడుగా, వదిలేయ్" అను. నీ కోసం నువ్వు మాట్లాడటం కంటే వేరేవాళ్ల కోసం మాట్లాడటం చాలామందికి తేలిక.

సాకు చెప్పొచ్చా? లేచి వెళ్లిపోవచ్చా?

చెప్పొచ్చు. సాకుని నేను తప్పు పట్టను. ఎప్పుడూ కలిసే ఫ్రెండ్స్ దగ్గర అది ఆ ఒక్కరోజుకే పనికొస్తుంది, మళ్లీ కలిసినప్పుడు ఇంకోటి వెతుక్కోవాలి, అందుకే వాళ్ల దగ్గర "నేను తాగను" అనేదే మేలు. కానీ పెద్దగా తెలియనివాళ్ల మధ్య ఉన్నప్పుడు, లేదా ఎదురుచెప్తే గొడవయ్యేలా ఉన్నప్పుడు, "టీమ్ సెలెక్షన్ ఉంది, ఊపిరి ఆడాలి", "నాకు ఆస్తమా ఉంది" లాంటిది ఏదో ఒకటి చెప్పి బయటపడు. ఆస్తమా నిజంగా ఉంటే అది సాకు కాదు, పొగ దగ్గర నిలబడటం కూడా నీకు మంచిది కాదు, అక్కడినుంచి కదులు.

రెండుసార్లు వద్దన్నాక మాట మారితే ఉండు. మాట మారకుండా నీ చుట్టూనే తిరుగుతుంటే, "సరే, నేను కదుల్తా, రేపు కలుద్దాం" అని లే. చెప్పి వెంటనే నడువు, చెప్పాక మళ్లీ కూర్చుంటే ఇందాక చెప్పినదంతా పోతుంది. ఎవరైనా నీ చెయ్యి పట్టుకుంటే, దారికి అడ్డం నిలబడితే, నీ నోట్లో పెట్టబోతే, ఫోన్ తీసి వీడియో తీస్తూ తాగమంటే, అది ఇవ్వడం కాదు, బలవంతం. అక్కడ మర్యాద పనిలేదు. "చెయ్యి తియ్" అని గట్టిగా అను, జనం ఉన్నవైపు నడువు, ఇంటికెళ్లాక పెద్దవాళ్లెవరికైనా చెప్పు.

ఇంట్లో ఒక్కరితో ముందే ఒక ఏర్పాటు చేసుకుంటే ఇది ఇంకా తేలికవుతుంది. అమ్మో, నాన్నో, అక్కో, ఎవరైనా సరే: నువ్వు మెసేజ్‌లో ఒక్క చుక్క పెట్టి పంపితే, వాళ్లు వెంటనే నీకు ఫోన్ చేసి "ఎక్కడున్నావ్, వెంటనే రా" అనాలి. నువ్వు అందరి ముందు విసుక్కుంటూ "వస్తున్నా అమ్మా" అని లేచి వచ్చేయొచ్చు. ఈ ఏర్పాటులో ఒక షరతు ఉండాలి, వాళ్లతో ముందే ఒప్పించుకో: ఆ రాత్రి వాళ్లు నిన్ను నిలదీయకూడదు. నిలదీస్తారనుకుంటే నువ్వు చుక్క పంపవు.

మర్నాడు

వద్దన్న మర్నాడు మామూలుగా వెళ్లి కలువు. తప్పించుకు తిరిగితే నువ్వు వాళ్లని వదిలేశావని అనుకుంటారు. నువ్వే ముందు పలకరించు, కలిసి ఏదో ఒకటి చేద్దామని పిలువు, అయితే సిగరెట్ తీయడానికి వీల్లేనిది చూసి పిలువు: ఆట, సినిమా, ఇంట్లో గేమ్. వాళ్లు మళ్లీ అడుగుతారు, రెండోసారి మూడోసారి కూడా అడగొచ్చు. ఒకే జవాబు కొన్నిసార్లు వింటే "వాడు తాగడులే" అని వాళ్లే కొత్తవాళ్లకి చెప్పడం మొదలుపెడతారు, అక్కడితో నీ పని చాలావరకు అయిపోతుంది. నెలలు గడిచినా ప్రతిసారీ నిన్నే ఏడిపిస్తుంటే, సిగరెట్ లేకపోతే నిన్ను పిలవడమే మానేస్తే, ఇక నీ మాట తీరు మార్చి లాభం లేదు, వేరే వాళ్లతో గడిపే టైం పెంచుకో. ఇది బాధగానే ఉంటుంది, ఆ బాధ ఎవరితోనైనా చెప్పుకో.

ఇప్పటికే ఒకటి రెండు లాగేసి ఉంటే

"అప్పుడు తాగావుగా, ఇప్పుడేంటి కొత్తగా?" అంటారు. "అప్పుడు తాగా. ఇప్పుడు వద్దు." ఇంతకంటే వివరణ ఎవరికీ ఇవ్వక్కర్లేదు. ఒకసారి తీసుకున్నంత మాత్రాన నీ వద్దుకి విలువ పోదు, తర్వాతి సిగరెట్ వేరే సిగరెట్.

కానీ నిన్ను నువ్వు కాస్త గమనించుకో. పొగలోని నికోటిన్ లోపలికి పీల్చిన కొన్ని సెకన్లకే మెదడుకి చేరుతుంది, కొందరు టీనేజర్లలో రోజూ తాగకుండానే, ఎప్పుడో ఒకటి తాగుతున్న దశలోనే, కొన్ని వారాల్లోపే అలవాటు లక్షణాలు మొదలవుతాయి. ఎవరూ ఇవ్వకపోయినా తాగాలనిపించడం, తాగని రోజు ఊరికే చిరాకు రావడం, చదువు మీద మనసు నిలవకపోవడం, వాసన తగలగానే అటు మళ్లడం. ఇవి కనిపిస్తే ఫ్రెండ్స్‌కి వద్దని చెప్పడం ఒక్కటే సరిపోదు, నీ ఒంట్లోంచి కూడా ఒకడు అడుగుతున్నాడు. అప్పుడు నువ్వు నమ్మే పెద్దవాళ్లకో, స్కూల్లో కౌన్సెలర్ ఉంటే వాళ్లకో, డాక్టర్‌కో ఉన్నదున్నట్టు చెప్పు: ఎన్నాళ్ల నుంచి, వారానికి ఎన్ని, ఏ టైంలో ఎక్కువ తాగాలనిపిస్తుంది. ఈ మూడూ ముందే రాసుకుని వెళ్తే వాళ్లు నీకు సరైన సాయం చేయడానికి వీలుగా ఉంటుంది.